బాండీలో నూనె ఎప్పుడు వడకట్టాలి, ఎప్పుడు మార్చాలి? పొగను ఎలా అదుపులో పెట్టాలి?

పండుగ రోజుల్లో మన వంటశాలలో గారెలు, బూరెలు, బూందీ వేసేటప్పుడు సాయం చేయడానికి వచ్చేవారు ఎక్కువగా రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "ఈ నూనె ఇంకా పనికొస్తుందా?" అన్నది మొదటిది. "ఇంత పొగ ఎందుకు వస్తోంది?" అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు చాలావరకు ఒకటే. నూనె పాడయ్యేకొద్దీ తక్కువ వేడికే పొగ వదులుతుంది. అందుకే పొగను సరిగా చదవడం వస్తే నూనె పరిస్థితి కూడా తెలిసిపోతుంది. వంటశాల సేవలో ఉన్న మేము పాటిస్తున్న పద్ధతిని ఈ సంచికలో వివరంగా రాస్తున్నాం.

మన వంటలో ఇంకో సంగతి ఉంది. నైవేద్యం పెట్టేదాకా ఏదీ రుచి చూడం. హోటల్లో వంటవాడు ఒక గారె తుంచి నోట్లో వేసుకుని నూనె సంగతి చెప్పేస్తాడు. మనకు ఆ వీలు లేదు. కాబట్టి కంటితో చూసి, థర్మామీటరుతో కొలిచి తెలుసుకోవాల్సిందే.

నూనెకు ఏమవుతుంది?

వేడి నూనెలో పిండి వేయగానే అందులోని నీరు ఆవిరై బుడగలుగా పైకి వస్తుంది. ఆ నీటిలో కొంత నూనెతో కలిసి దాని అణువులను విడగొడుతుంది. అలా విడిపోయిన ముక్కలను ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్లు అంటారు. పొగకు ముఖ్య కారణం ఇవే. కొత్త రిఫైండ్ సన్‌ఫ్లవర్ నూనె సుమారు 220 నుంచి 230 డిగ్రీల సెల్సియస్ దాకా పొగ రానివ్వదు. అదే నూనెలో ఈ ఆసిడ్లు 1 శాతానికి చేరితే దాదాపు 160 డిగ్రీలకే పొగ మొదలవుతుంది. మనం గారెలు వేయించేది 170 నుంచి 180 డిగ్రీల మధ్య. అంటే ఆ స్థితికి వచ్చిన నూనెతో పొగ లేకుండా గారె వేయించడం ఎవరి తరమూ కాదు. మంట తగ్గిస్తే గారె నూనె పీలుస్తుంది, పెంచితే వంటశాల నిండా పొగ.

రెండోది గాలి. వేడి నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని మక్కు వాసన తెచ్చుకుంటుంది. రాగి, ఇత్తడి తగిలితే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే పెద్ద వేపుళ్లకు ఇత్తడి బాండీ వద్దని, స్టెయిన్‌లెస్ స్టీలు బాండీయే వాడమని చెబుతుంటాం.

మూడోది వేడి. ఎక్కువసేపు కాగితే నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నూనె చిక్కబడి, బాండీ అంచున జిగురుగా, గోధుమరంగు వార్నిష్‌లా పేరుకుంటుంది. గరిటెతో గీకినా రాని మరక అదే.

ఈ మార్పులతో నూనెలో పుట్టే కొత్త పదార్థాల్లో ఎక్కువ భాగాన్ని కలిపి కొలిచే లెక్కను టోటల్ పోలార్ కాంపౌండ్స్, పొట్టిగా టీపీసీ అంటారు. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై 1 నుంచి ఒక నియమం తెచ్చింది. వేయించిన నూనెలో టీపీసీ 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడకూడదు. జర్మనీలో ఈ హద్దు 24 శాతం. కొత్త నూనెలో కూడా కొంత టీపీసీ ఉంటుంది. సన్‌ఫ్లవర్‌లో తక్కువ, పామాయిల్‌లో దానికంటే కాస్త ఎక్కువ. అందుకే కొత్త డబ్బా విప్పిన రోజే ఒకసారి కొలిచి రాసుకోవాలి. పోల్చడానికి అదే మొదటి అంకె.

ముందు, అది పొగా ఆవిరా?

గారెలు వేయగానే తెల్లగా లేచేది ఆవిరి. అది కాస్త పైకి వెళ్లి కనబడకుండా పోతుంది, కళ్లు మండవు. పొగ నీలంగా, పలచగా ఉంటుంది. బాండీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా లేస్తుంది, గాలిలో నిలిచిపోతుంది, కళ్లూ గొంతూ మండిస్తుంది. ఆ మంటకు కారణమైన అక్రోలిన్ అనే వాయువు నూనె విరగడం వల్ల పుడుతుంది. ఆస్తమా ఉన్నవారిని, పిల్లలను ఆ సమయంలో వంటశాలలో ఉంచకండి.

పొగ కనబడగానే నూనె పారబోయాల్సిన పనిలేదు. ఈ వరుసలో చూసుకుంటూ రండి.

మొదట థర్మామీటరు పెట్టి నూనె వేడి చూడండి. 190 దాటి ఉంటే తప్పు మంటది, నూనెది కాదు. ఒక వాయి తీసి ఇంకో వాయి వేసేలోగా పిండి అందకపోతే బాండీ ఖాళీగా కాగుతూ ఉంటుంది. మన వంటశాలలో పొగకు అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడిన కారణం ఇదే. పిండి రావడానికి ఐదు నిమిషాలు పట్టేలా ఉంటే మంట బాగా తగ్గించండి.

వేడి సరిగానే ఉంటే బాండీ అంచు చూడండి. నూనె మట్టం తగ్గినప్పుడు పొయ్యి మంట నూనె లేని ఖాళీ గోడకు తగులుతుంది. ఆ గోడ మీద అంటుకున్న పలుచటి నూనె పొర లోపలి నూనె కంటే ఎంతో ఎక్కువ వేడెక్కి మాడి పొగ వదులుతుంది. లోపల 175 డిగ్రీలే ఉన్నా అంచు నుంచి పొగ రావడానికి కారణం ఇది. మంట బాండీ అడుగును దాటి పైకి రాకుండా బర్నర్ తగ్గించాలి, నూనె మట్టం మంట చేరే గీతకు పైన ఉండాలి.

అంచు కూడా శుభ్రంగా ఉంటే అడుగు చూడండి. రాలిన పిండి రవ్వలు అడుగున చేరి నల్లగా మాడుతుంటాయి. బూందీ, బజ్జీలు వేసినప్పుడు ఇవి మరీ ఎక్కువ. సన్న జల్లి గరిటెతో ప్రతి వాయికీ తీసేస్తూ ఉంటే పొగ అక్కడే తగ్గిపోతుంది.

వేడి 180 లోపు ఉంది, అంచు శుభ్రంగా ఉంది, రవ్వలు లేవు. అయినా నీలి పొగ వస్తూనే ఉందా? అప్పుడు ఆ నూనె పని అయిపోయినట్లే. అందులో కొత్త నూనె కలపవద్దు. దించేయండి.

నల్లబడితే పాడైనట్లేనా?

రంగును బట్టి నిర్ణయిస్తే రెండు వైపులా పొరపడతాం. బూరె పగిలి పూర్ణం నూనెలో పడితే బెల్లం మాడి పది నిమిషాల్లో బాండీ అంతా నల్లబడుతుంది. అప్పటికి ఆ నూనె పెద్దగా విరిగి ఉండదు. మరోవైపు అప్పడాలు, వడియాలు మాత్రమే వేయించిన నూనె లేత రంగులోనే ఉండి, పలుమార్లు కాచి చల్లార్చినందువల్ల లోపల బాగా పాడై ఉండవచ్చు.

రంగు కంటే నురుగును నమ్మండి. మంచి నూనెలో గారె వేస్తే పెద్ద పెద్ద బుడగలు లేచి వెంటనే పగిలిపోతాయి. పాడైన నూనెలో చిన్న చిన్న బుడగలు పసుపు తెలుపు నురుగుగా బాండీ నిండా లేచి, పిండి తీసేశాక కూడా నిలిచి ఉంటాయి. గరిటె పైకెత్తితే నూనె చుక్కలుగా కాక తీగలా జారుతుంది. గారె పైన త్వరగా ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది, చేతికి జిడ్డు ఎక్కువ అంటుతుంది. వీటిలో రెండు కనబడినా మీటరు కోసం చూడకుండా మార్చేయవచ్చు.

టీపీసీ మీటరు వాడేవారికి ఒక సూచన. గారెలు వేగుతుండగా పెట్టవద్దు. నీటి బుడగలు తగిలితే అంకె తప్పుగా చూపుతుంది. వాయి తీసి, బుడగలు పూర్తిగా ఆగాక ఐదు నిమిషాలు ఉండి, బాండీ గోడకు తగలకుండా పెట్టి చూడండి. ఇండక్షన్ పొయ్యి మీద అయితే పొయ్యి ఆపి కొలవాలి.

1,200 గారెల లెక్క

ఒక శుక్రవారం పూజకు 1,200 గారెలు కావాలనుకుందాం. బాండీలో 15 లీటర్ల నూనె. గారె 40 గ్రాములు, వాయికి 25. అంటే వాయికి ఒక కిలో పిండి పడుతుంది. ఇది నూనెకు తగిన మోతాదు. నలభై గారెలు ఒకేసారి వేస్తే పని త్వరగా అవుతుందనిపిస్తుంది కానీ, నూనె వేడి ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ కాగేదాకా గారెలు నూనె పీలుస్తూ కూర్చుంటాయి. 178 దగ్గర వేసి, 160 కంటే కిందికి పడకుండా చూసుకుంటే వాయి సరైన పరిమాణంలో ఉన్నట్లు.

25 చొప్పున 48 వాయిలు. వాయికి ఐదు నిమిషాలు పట్టినా నాలుగు గంటల పని. గారె సుమారు 5 గ్రాముల నూనె పట్టుకుపోతుందనుకుంటే, 12 వాయిలకు 300 గారెలు, ఒకటిన్నర కిలోల నూనె. లీటర్లలో చెప్పాలంటే 1.6. కాబట్టి ప్రతి 12 వాయిలకూ, అంటే గంటకొకసారి, మంట తగ్గించి, రవ్వలు తీసి, 1.6 లీటర్ల కొత్త నూనె నెమ్మదిగా పోయాలి. ఇలా మూడుసార్లు పోస్తే పని ముగిసేసరికి 13 లీటర్లు పైచిలుకు మిగులుతుంది. మట్టం ఎప్పుడూ మంట గీత కిందికి రాదు. మీ గారె ఎంత నూనె పీలుస్తుందో మినప్పిండిలోని నీటిని బట్టి మారుతుంది. రుబ్బేటప్పుడు నీళ్లు ఎంత తగ్గిస్తే నూనె అంత నిలుస్తుంది. చేయి తడుపుకుని గారె తట్టినప్పుడు కారే నీటిచుక్కలు బాండీలో పడకుండా చూసుకోండి.

వరుస కూడా ముఖ్యం. కొత్త నూనెలో మొదటి వాయి నైవేద్యానికి. ఆ తర్వాత అప్పడాలు, వడియాలు, వాటి తర్వాత గారెలు. బూరెలు, శనగపిండి రాలే బజ్జీలు చివరికి. బూరెలు ముందు వేస్తే, ఒక్కటి పగిలినా మిగతా రోజంతా ఆ మాడిన బెల్లంతోనే గడవాలి. ముందు ఒక్క బూరె వేసి చూసి, తోపు పిండి పలచగా ఉంటే చిక్కబరచి తర్వాత వాయి వేయండి.

వడకట్టడం ఏం చేస్తుంది, ఏం చేయదు

వడకడితే మాడిన రవ్వలు పోతాయి. అవి పోతే చేదు, నలుపు, పొగ తగ్గుతాయి, నూనె ఇంకొంత కాలం నిలుస్తుంది. కానీ నూనెలో కరిగిపోయిన ఆసిడ్లను, పోలార్ పదార్థాలను గుడ్డ ఆపలేదు. 26 శాతం ఉన్న నూనెను ఎన్నిసార్లు వడకట్టినా 26 శాతమే. పాడైన నూనె వడకడితే తేటగా కనబడుతుంది, అంతే.

పని అయ్యాక పొయ్యి ఆపి, బాండీని కదపకుండా అక్కడే చల్లారనివ్వాలి. 60 డిగ్రీల లోపుకు వచ్చాక ముందు సన్న స్టీలు జల్లెడలో, తర్వాత దట్టమైన పొడి నూలు గుడ్డలో పోయాలి. గుడ్డలో తడి ఉండకూడదు. అడుగున చివరి కప్పెడు మడ్డిని వడకట్టకుండా వదిలేయండి. నూనెను తడి లేని స్టీలు డబ్బాలో మూతదాకా నింపి, వెలుతురు తగలని చల్లని చోట పెట్టాలి. డబ్బా సగం ఖాళీగా ఉంటే మిగతా సగం గాలే.

నూనె తడిసిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేయడం ప్రమాదం. సన్‌ఫ్లవర్ లాంటి నూనెలు గాలితో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ముడుచుకున్న గుడ్డలోంచి ఆ వేడి బయటికి పోలేక తనంతట తానే అంటుకోవచ్చు. దోహా వేసవిలో మూసిన గదిలో ఇది మరీ జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. వాడిన గుడ్డను నీళ్లలో ముంచి, మూత ఉన్న ఇనప డబ్బాలో వేయండి.

శుక్రవారం వడకట్టిన నూనెను శనివారం వాడతాం. వచ్చే శుక్రవారం దాకా మాత్రం ఉంచం. కాచి, చల్లార్చి, వారం ఉంచి మళ్లీ కాచడం నూనెను ఏకబిగిన వాడటం కంటే ఎక్కువ పాడుచేస్తుంది.

కొత్త నూనె కలిపితే సరిపోదా?

శనివారం ఉదయం మీటరు 16 చూపిందనుకుందాం. డబ్బాలో 13 లీటర్లు, దానికి 6 శాతం ఉన్న కొత్త నూనె 2 లీటర్లు కలిపితే, 13×16, 2×6 కలిపి 220. దాన్ని 15తో భాగిస్తే 14.7. ఇది న్యాయమైన టాపప్.

ఇదే లెక్క 26 ఉన్న నూనెకు వేయండి. 13×26, 2×6 కలిపి 350, 15తో భాగిస్తే 23.3. అంకె హద్దులోకి వచ్చేసింది! కానీ అందులో పాత చెడంతా అలాగే ఉంది. పాత నూనెలోని ఆసిడ్లు కొత్త నూనెను కూడా త్వరగా విరగ్గొడతాయి. పది వాయిలకే మళ్లీ నురుగు, పొగ. రెండు లీటర్ల మంచి నూనె కూడా పోయినట్లే. అందుకని మా నియమం ఇది. 20 లోపు ఉంటే కలిపి వాడతాం. 20 నుంచి 24 మధ్య ఉంటే ఏమీ కలపకుండా ఆ రోజుతో ముగిస్తాం, గంటకొకసారి కొలుస్తాం. 24 చేరితే దించేస్తాం.

మీటరు లేని రోజు థర్మామీటరు చాలు. వడకట్టిన నూనెను శుభ్రమైన చిన్న గిన్నెలో కొద్దిగా పోసి, దగ్గరే ఉండి నెమ్మదిగా కాచండి. ఆగకుండా నీలి తీగలా పొగ లేచే వేడిని రాసుకోండి. 200 పైన అయితే బాగున్నట్లు. 180 లోపే లేస్తే మార్చాల్సిందే. గిన్నెను వదిలి పక్కకు వెళ్లవద్దు, పొగ కనబడగానే మంట ఆపండి.

పొగ బయటికి పోవాలంటే గాలి లోపలికి రావాలి

ఫరీజ్ బిన్ మహమూద్‌లోని చాలా ఇళ్లలో, హాళ్లలో లాగే వేసవిలో మనం తలుపులు, కిటికీలు బిగించి ఏసీ వేస్తాం. అప్పుడు పొయ్యి పైన ఎగ్జాస్ట్ ఎంత గట్టిగా తిరిగినా పొగను లాగలేదు. బయటికి పోయిన గాలికి బదులు గాలి ఎక్కడినుంచో రావాలి కదా. వంటశాల తలుపు తెరవడానికి బిగువుగా ఉంటే, సందులో ఈల వినిపిస్తే, గాలి అందడం లేదని గుర్తు. పొయ్యికి ఎదురుగా ఉన్న కిటికీ లేదా తలుపు కొంచెం తెరవండి. ఫిల్టర్ దగ్గర టిష్యూ కాగితం పట్టుకుంటే అది అతుక్కుని నిలవాలి. జారిపోతే ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా గాలి అందడం లేదు.

ఏసీ గాలి బాండీ మీదుగా అడ్డంగా వీస్తే పొగ హుడ్ కింద నుంచి పక్కకు తప్పుకుని హాల్లోకి వస్తుంది. ఆ ఏసీ రెక్కలను పైకి తిప్పాలి. బాండీ హుడ్ అంచు కింద కాక నడుమ ఉండాలి. పొయ్యి వెలిగించే పది నిమిషాల ముందే ఎగ్జాస్ట్ వేయండి, ఆపాక కూడా పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. పెద్ద వేపుడు అయిన ప్రతిసారీ ఫిల్టర్లను వేడి సబ్బునీళ్లలో నానబెట్టి కడగాలి. పేరుకున్న జిడ్డు పొగను ఆపడమే కాదు, మంటకు ఇంధనం కూడా.

తిరుమల బూందీ పోటులో ఈ సమస్య ఎంత పెద్దదో అందరికీ తెలిసిందే. లడ్డూ కోసం రోజంతా నేతిలో బూందీ వేయిస్తుంటే, ఆ నేతి ఆవిరి గోడలకు, పొగగొట్టాలకు పట్టి అక్కడ మంటలు లేచిన సందర్భాలున్నాయి. 2021 అక్టోబరులో ప్రారంభమైన కొత్త బూందీ పోటులో థర్మిక్ ఫ్లూయిడ్ పొయ్యిలు పెట్టారు. వేరే చోట వేడి చేసిన ద్రవం గొట్టాల ద్వారా వచ్చి బాండీని కాస్తుంది. బాండీ కింద మంట ఉండదు. మనకు అంత ఏర్పాటు అవసరం లేదు కానీ, అందులోని పాఠం మనకూ వర్తిస్తుంది. నేతి ఆవిరి, పేరుకున్న జిడ్డు, బయటి మంట మూడూ ఒకచోట కలవకూడదు.

ఎప్పుడైనా బాండీలో మంట లేస్తే నీళ్లు పోయవద్దు. నీరు క్షణంలో ఆవిరై నూనెను మంటతో సహా పైకి ఎగజిమ్ముతుంది. గ్యాస్ ఆపండి, వీలైతే బాండీకి సరిపడే లోహపు మూత పక్కనుంచి జరిపి మూయండి, బాండీని కదపవద్దు. వంటనూనె మంటలకని ఉండే వెట్ కెమికల్ ఎక్స్‌టింగ్విషర్ ఎక్కడుందో వేపుడు మొదలుపెట్టే ముందే చూసుకోండి. మంట అదుపు తప్పితే అందరినీ బయటికి పంపి 999కి ఫోన్ చేయండి.

దించేసిన నూనె

సింకులో పోయవద్దు. గొట్టాల్లో గడ్డకట్టి పొరుగు ఇళ్లకూ ఇబ్బంది అవుతుంది. చల్లారాక మూత ఉన్న డబ్బాల్లో పోసి, "వాడిన నూనె" అని రాసి, అనుమతి ఉన్న సేకరణదారులకే ఇవ్వాలి. ఎవరైనా వంటకని అడిగితే ఇవ్వకండి. మన దేశంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో రూకో పేరుతో వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించే కార్యక్రమం మొదలుపెట్టిన ఉద్దేశం కూడా అదే. పారేసిన నూనె చాటుగా మళ్లీ బాండీలోకి రాకూడదు.

వంటశాల గోడకు ఒక కాగితం అంటించాం. తేదీ, డబ్బా విప్పినప్పటి టీపీసీ, వాయిల సంఖ్య, కలిపిన లీటర్లు, చివరి టీపీసీ లేదా పొగ లేచిన వేడి, దించేసిన సమయం, ఇవీ గడులు. పొయ్యి దగ్గర నిలబడేవారు ఎవరైనా సరే, గంటకొకసారి ఒక వరుస నింపండి. తర్వాతి వాయికి వచ్చేవారు ఆ కాగితం చూసి, నూనె ఉంచాలో దించాలో ఎవరినీ అడగకుండానే నిర్ణయించుకోగలరు.